కుళాయి అసలుదేనా? పాలకొల్లు ప్లంబర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

అపోహ: తళతళ మెరిస్తే కంపెనీ మాలే.

వాస్తవం: కొత్తలో నకిలీ కూడా అద్దంలాగే మెరుస్తుంది. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రాన్‌లో చిన్న వంతే. కుళాయిని కాపాడేది దాని కింద ఉండే నికెల్ పొర. ఆ మందం కంటికి కనపడదు కాబట్టి పాలిష్ చూడాలి. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని తిప్పండి. లైటు గీత వంకర్లు పోతుంటే బఫింగ్ సరిగా చేయలేదన్నమాట. హ్యాండిల్ అడుగున, ముక్కు అంచున గరుకుగా ఉన్నా అనుమానించాలి.

అపోహ: అయస్కాంతం అంటకపోతే ఇత్తడే.

వాస్తవం: జింక్‌కీ అంటదు, ప్లాస్టిక్‌కీ అంటదు. ఈ పరీక్ష ఇనుమును పట్టుకోవడానికే పనికొస్తుంది. దానికంటే నీళ్లు వచ్చే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. ప్లేటింగ్ చేరని లోపలి గోడ పసుపుగా ఉంటే ఇత్తడి, బూడిదరంగులో ఉంటే జింక్. ఇత్తడైతే అసలు కంపెనీదేనని మాత్రం అనుకోకండి. నకిలీలు ఇత్తడిలోనూ వస్తాయి.

అపోహ: హ్యాండిల్ కింద ఉండి నీళ్లను వదిలే, ఆపే కార్ట్‌రిడ్జ్ మీద కంపెనీ పేరుంది, ఇంకేం చూడాలి?

వాస్తవం: ఆ పేరు ఎలా ఉందో చూడాలి. ఈమధ్య ఒకాయన సగం ధరకు వచ్చిందని బేసిన్ మిక్సర్ తెచ్చారు. హ్యాండిల్ వెనక చిన్న స్క్రూ అలెన్ కీతో తీసి, పై కప్పు, బిగింపు నట్టు విప్పితే కార్ట్‌రిడ్జ్ బయటికొచ్చింది. పేరు సిరాతో అచ్చు వేసి ఉంది, థిన్నర్ గుడ్డతో తుడిస్తే చెరిగిపోయింది. అదే మోడల్‌ది బిల్లుతో కొన్నది నా దగ్గర ఉంటే పక్కన పెట్టాను. దానిమీద పేరు ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసి ఉంది. ఒక్క సిరాతోనే తీర్పు చెప్పలేం, కంపెనీలు కార్ట్‌రిడ్జ్ సరఫరాదారుని మారుస్తుంటాయి. కానీ లోపలి గోడ కూడా బూడిదరంగే. ఇత్తడి అని రాసిన పెట్టెలో జింక్ ఉంటే ఇక వాదన ఎందుకు?

పెట్టె కూడా చూశాం. ఎమ్మార్పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించారు, తయారీ నెల లేదు, ఐఎస్‌ఐ గుర్తు ఉంది గానీ కింద ఉండాల్సిన లైసెన్సు నంబరు లేదు. అసలు గుర్తుకి పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అంకెలు ఉంటాయి. ఆ అంకెల్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరి పేరున ఉందో చూపిస్తుంది. హోలోగ్రామ్‌ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, అదెవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

అపోహ: ఏడాదికే మచ్చలు పడ్డాయంటే డూప్లికేటే.

వాస్తవం: నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు బోరు నీళ్లకి మంచి ప్లేటింగ్ కూడా చుక్కలు పడుతుంది. మచ్చ రంగు చూడండి. చుక్కల్లో పచ్చగా చిలుము పడితే కింద ఇత్తడి ఉన్నట్టే, తప్పు నీళ్లది కావచ్చు. తెల్లటి పొడితో బొబ్బలు లేస్తే జింక్. పొర పొరగా ఊడివస్తే చాలాసార్లు అది ప్లాస్టిక్ మీద వేసిన ప్లేటింగే. ఆ చివరి రెండింట్లో ఏది కనిపించినా, బిల్లు పట్టుకుని కొన్న షాపుకి వెళ్లండి.