అంకె షీట్‌లో ఉంటే సరిపోదండీ: యాడ్ రిపోర్టు సారాంశాల మీద అపోహలు, వాస్తవాలు

ఈ వారంలో ఇది మూడో ఫోను. రాజమండ్రిలో నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు రాత్రి పదకొండింటికి చేశాడు. "అన్నా, ఏఐ రాసిన వీక్లీ రిపోర్టు క్లయింటుకి పంపేశాను. అంకె తప్పని ఆయన గోల. కానీ ఆ అంకె షీట్‌లో ఉందన్నా, నేను వెతికి మరీ చూశాను" అన్నాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

టెన్షన్ పడకు తమ్ముడూ అని ఫోన్ పెట్టేశాను. ఆ "షీట్‌లో ఉందన్నా" అనే మాట మీద మాత్రం రాసి తీరాలి. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను, డబ్బు పోయింది మాత్రం వేరొకాయనది.

అపోహ: సారాంశంలోని ప్రతి అంకె షీట్‌లో దొరికితే రిపోర్టు సరైనట్టే.

ఒక సంక్రాంతి ముందు మాట. ఆత్రేయపురం వైపు పూతరేకులు చేయించి కొరియర్‌లో పంపే ఒకాయనకి యాడ్స్ నడిపాను. యాడ్ నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే రకం. హైదరాబాద్‌కొక క్యాంపెయిన్, విశాఖకొకటి. వారం అయ్యాక ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్ నుంచి లెక్కల షీట్‌ని సీఎస్‌వీ ఫైలుగా దించి, సారాంశం రాసే ఏఐ టూల్‌కి ఇచ్చాను. ఇంప్రెషన్లంటే యాడ్ ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్క. షీట్‌లో అవసరమైన మేరకు ఇలా ఉంది:

| క్యాంపెయిన్ | ఖర్చు | ఇంప్రెషన్లు | లింక్ క్లిక్కులు | `Results` |
|---|---|---|---|---|
| హైదరాబాద్ | ₹18,400 | 2,30,000 | 2,300 | 230 |
| విశాఖ | ₹3,600 | 30,000 | 900 | 72 |
| మొత్తం | ₹22,000 | 2,60,000 | 3,200 | 302 |

టూల్ చక్కటి తెలుగులో రాసింది: "ఈ వారం ₹22,000 ఖర్చుతో 302 ఆర్డర్లు వచ్చాయి. సగటు సీటీఆర్ 2 శాతం. ఒక్కో ఆర్డరుకు అయిన ఖర్చు ₹65." సీటీఆర్ అంటే యాడ్ వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క.

అప్పట్లో నా దగ్గరొక చిన్న స్క్రిప్టు ఉండేది. సారాంశంలోని అంకెలన్నీ ఏరి, షీట్‌లో ఉన్నాయా లేవా అని చూస్తుంది. 22,000కి టిక్కు పెట్టింది, 302కి టిక్కు పెట్టింది. 2కీ 65కీ షీట్‌లో దొరకలేదని ఎర్ర గుర్తు పెట్టింది. అవి లెక్క కట్టినవి కదా, ఉండవులే అని దాటేశాను. పచ్చ టిక్కు పడ్డ 302ని మళ్ళీ చూడనే లేదు.

అసలు తప్పు అక్కడే ఉంది. `Results` అనేది ఒక ఖాళీ సంచీ లాంటి కాలమ్. క్యాంపెయిన్ దేనికోసం పెట్టామో దాన్ని బట్టి అందులో లీడ్లు, అంటే ఆసక్తి ఉందని వివరాలు ఇచ్చినవాళ్ళు ఉండొచ్చు, కొనుగోళ్ళు ఉండొచ్చు, మెసేజ్‌లు ఉండొచ్చు. అందులో ఏముందో పక్కనున్న `Result indicator` కాలమ్ చెబుతుంది. మా షీట్‌లో అక్కడ ఇలా ఉంది:

```
actions:onsite_conversion.messaging_conversation_started_7d
```

అంటే వాట్సాప్‌లో మొదలైన సంభాషణలు. చివరి `7d` ఏమిటంటే, కనీసం ఏడు రోజులు మాటలు లేని మనిషి మళ్ళీ పలకరిస్తే కొత్త సంభాషణగా లెక్కేస్తారు. "రేటెంతండి?" అని అడిగి మాయమైనవాళ్ళూ అందులోనే ఉంటారు. టూల్ ఆ కాలమ్‌ని పట్టించుకోలేదు. మిఠాయి వ్యాపారం, "రిజల్ట్", పక్కన ఖర్చు ఉన్నాయి కాబట్టి ఇలాంటి రిపోర్టుల్లో మామూలుగా వచ్చే "ఆర్డర్లు" అనే మాట పెట్టేసింది. అంకె నిజమే, దాని పేరే అబద్ధం.

ఆయన ఆ రిపోర్టు చదువుకుని ఫోన్ చేశారు. "ఆయ్, 302 ఆర్డర్లంటండి! ₹65కి ఆర్డరు పడుతుంటే ఇంకా చూస్తారేంటండి, బడ్జెట్ డబుల్ చేసెయ్యండి." చేసేశాను. నాలుగు రోజులయ్యాక ఆయనే పుస్తకం ముందేసుకుని కూర్చుని, వాట్సాప్‌లో నిజంగా డబ్బు కట్టిన ఆర్డర్లు లెక్క పెట్టారు. రిపోర్టు ఇచ్చిన ఆ వారానికి 41. అంటే ఆర్డరుకి యాడ్ ఖర్చు ₹537. ఆయనకి ఒక్కో ఆర్డరు మీద మిగిలేది అందులో సగం కూడా కాదు. డబుల్ చేసిన బడ్జెట్ నష్టాన్నే డబుల్ చేసింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి ఇంటికొస్తుంటే అదే ఎక్కువ బాధనిపించింది.

వాస్తవం: సరిచూడాల్సింది అంకెని కాదు, ఆ అంకె ఉన్న వాక్యాన్ని.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. సారాంశాన్ని ప్రింటు తీసి మూడు రంగుల పెన్నులు పట్టుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వండి. షీట్ నుంచి ఎత్తి రాసిన అంకెకి నీలం, లెక్క కట్టిన అంకెకి ఆకుపచ్చ, ఎక్కడిదో తెలియనిదానికి ఎరుపు.

నీలం అంకె పక్కన నాలుగు ప్రశ్నలు: ఏ కాలమ్, ఏ క్యాంపెయిన్ వరస, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రూపాయలా శాతమా మనుషులా? నాలుగింటికీ షీట్‌లో వేలు పెట్టి చూపించగలిగితేనే అది పాస్. 302 మొదటి ప్రశ్నలోనే పడిపోయేది. హైదరాబాద్ అంకెని విశాఖకి అంటించడం, పోయిన వారం అంకెని ఈ వారానికి రాయడం కూడా ఇక్కడే దొరుకుతాయి. వీటికి "అంకె ఉందా లేదా" స్క్రిప్టు ఎప్పుడూ పచ్చ టిక్కే పెడుతుంది.

ఆకుపచ్చ అంకెని నేనే మళ్ళీ కడతాను. పైన చెప్పిన "సగటు సీటీఆర్ 2 శాతం" చూడండి. హైదరాబాద్ సీటీఆర్ 1 శాతం, విశాఖ 3 శాతం. టూల్ రెండూ కలిపి రెండుతో భాగించింది. కానీ హైదరాబాద్‌లో ఇంప్రెషన్లు 2,30,000 అయితే విశాఖలో 30,000 మాత్రమే. రెండింటినీ ఒకే తక్కెడలో సమానంగా తూచడం కుదరదు. మొత్తం క్లిక్కుల్ని మొత్తం ఇంప్రెషన్లతో భాగించాలి:

```
=SUM(D2:D3)/SUM(C2:C3)
```

3,200ని 2,60,000తో భాగిస్తే 1.23 శాతం. ₹65 కూడా అలాగే పుట్టింది: హైదరాబాద్‌లో సంభాషణకి ₹80, విశాఖలో ₹50, సగటు 65. అసలైతే 22,000ని 302తో భాగించాలి, ₹72.85 వస్తుంది. ఈ తప్పు ఎప్పుడూ ఒకే వైపు తోస్తుంది అనుకోకండి. చిన్న క్యాంపెయిన్ బాగా నడిస్తే రిపోర్టు అందంగా కనిపిస్తుంది, చెడిపోతే ఉత్తి పుణ్యానికి క్లయింటు భయపడతాడు. సారాంశంలో "సగటు" అనే మాట కనిపిస్తే మొదట దాన్నే అనుమానించండి.

ఇంకో చోటుంది, అక్కడ కూడడమే తప్పు. `Reach` అంటే యాడ్ చూసిన మనుషుల సంఖ్య. హైదరాబాద్‌లో 92,000, విశాఖలో 20,000 ఉంటే, టూల్ మొత్తం 1,12,000 మంది అంటుంది. ఆ వారం హైదరాబాద్ నుంచి ఊరెళ్ళిన మనిషి రెండు యాడ్లూ చూసి ఉంటే? అతను ఒక్కడే కదా. యాడ్స్ మేనేజర్ అతన్ని మొత్తం వరసలో ఒకసారే లెక్కేస్తుంది. మాకు అక్కడ కనిపించింది 1,05,000. ఖర్చు, ఇంప్రెషన్లు, క్లిక్కులు కూడొచ్చు, రీచ్ కూడకూడదు. రోజువారీ రీచ్‌ని ఏడు రోజులకి కూడితే ఇంకా ఘోరం.

ఎర్ర అంకెలు ఇవన్నీ దాటాక వస్తాయి. ఒకసారి కడియం నర్సరీ రిపోర్టులో "బౌన్స్ రేటు 42 శాతం" అని వచ్చింది. మేం ఇచ్చిన షీట్‌లో బౌన్స్ రేటు అనే కాలమే లేదు! ఇలాంటి రిపోర్టుల్లో ఆ మాట ఉంటుంది కాబట్టి, వాక్యం నిండుగా ఉండాలని రాసేసింది. నిజం చెప్పాలంటే ఇలాంటివి పట్టుకోవడమే తేలిక. షీట్‌లో లేదు, కొట్టేశాం, అయిపోయింది. జనం భయపడేది వీటికి, ముంచేవి మాత్రం నీలం రంగువి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"అంకెలు కల్పించొద్దని ప్రాంప్టులో రాశాం కదా." రాయండి, తగ్గుతాయి. కానీ 302ని ఆర్డర్లు అన్నప్పుడు టూల్ దృష్టిలో అది ఏ అంకెనీ కల్పించలేదు. దానికన్నా మేలైన పని ఉంది. కాలమ్ పేరుని `Results` అని వదలకుండా "వాట్సాప్ సంభాషణలు" అని మార్చి ఇవ్వండి. సగటులూ శాతాలూ షీట్‌లోనే కట్టి ఇవ్వండి, దానికి వాక్యాలు రాసే పని మాత్రమే మిగల్చండి.

"సరిచూడమని మళ్ళీ ఆ టూల్‌నే అడిగాం, ఓకే అంది." పరీక్ష రాసినవాడే పేపరు దిద్దితే ఎన్ని మార్కులు వస్తాయో అన్నే వస్తాయి.

"ప్లాట్‌ఫామ్‌లో ఇవాళ వేరే అంకె కనిపిస్తోంది, కాబట్టి రిపోర్టు తప్పు." కాకపోవచ్చు. గూగుల్ యాడ్స్‌లో కన్వర్షన్, అంటే యాడ్ నొక్కినాయన కొనడం లాంటిది, మామూలుగా క్లిక్ జరిగిన తేదీ కింద పడుతుంది. సోమవారం నొక్కినాయన శుక్రవారం కొంటే సోమవారం అంకె పెరుగుతుంది. అందుకే సారాంశం దేని నుంచి రాయించారో ఆ సీఎస్‌వీనే తేదీ, టైముతో దాచి, దానితోనే పోల్చండి. బ్యాంకులో కట్ అయిన డబ్బుకీ యాడ్స్ మేనేజర్ ఖర్చుకీ తేడా ఉందంటే 18 శాతం జీఎస్టీ సంగతి ముందు చూడండి. దీని మీద వచ్చే పుకార్లు వినీ వినీ విసుగొచ్చింది.

"సంక్రాంతి డిమాండ్ వల్లే పెరిగాయని రాసింది, నిజమే కదా." కావచ్చు. షీట్‌లో కారణం అనే కాలమ్ లేదు. అది మీ మాటగా రాస్తే మీ పేరు మీద రాయండి, డేటా చెప్పిందని మాత్రం రాయకండి.

ఇక ఇప్పటికే పంపేసి నిద్ర పట్టనివాళ్ళకి. అన్ని రిపోర్టులూ ఒకేసారి తవ్వకండి, పిచ్చెక్కుతుంది. ఏ రిపోర్టు చూసి బడ్జెట్ పెంచారో, ఆపారో, ముందు అవి తెరవండి. వాటిలో కూడా "ఒక్కోదానికి ఎంత ఖర్చు" అన్న వాక్యం, దాని పక్కన ఆర్డరా లీడా మెసేజా అన్న మాట చూడండి. తప్పు దొరికితే పాత అంకె, సరైన అంకె, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి. పాత రిపోర్టు మార్చేసి కొత్తది గుట్టుగా పెట్టొద్దు. క్లయింటు దగ్గర పాత పీడీఎఫ్ ఉంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు బయటకొస్తుంది.

మా కాకినాడ తమ్ముడు ఆ రాత్రే మూడు రిపోర్టులు తెరిచాడు. రెండింట్లో మెసేజ్‌లు లీడ్లయి కూర్చున్నాయి, ఒకదాంట్లో రీచ్ కూడేశారు. సవరణలు పొద్దున్నే పంపాడు. ఇద్దరు క్లయింట్లు థంబ్స్ అప్ ఎమోజీ పెట్టారట. మూడో ఆయన ఇంకా చూడలేదు. ఆత్రేయపురం ఆయన ఇప్పటికీ నా క్లయింటే. రిపోర్టు వెళ్ళిన ఐదు నిమిషాలకి ఫోన్ వస్తుంది: "ఏవండీ, ఇది మెసేజాండి, ఆర్డరాండి?"