సైకియాట్రీ రెసిడెన్సీకి సిఫార్సు లేఖ: కండక్ట్ సర్టిఫికెట్ అలవాటు ఎక్కడ అడ్డొస్తోంది

అమెరికాలో రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ శిక్షణకు, దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి. దానికి ఒకటి రెండు నెలల ముందే తిరుపతిలో సైకియాట్రీ కన్సల్టెంట్ల ఓపీ బయట కుర్ర డాక్టర్లు ఎదురుచూస్తుంటారు. "సార్, ఒక ఎల్ఓఆర్ కావాలి" అంటారు. ఎల్ఓఆర్ అంటే సిఫార్సు లేఖ. "నువ్వే రాసుకుని రా నాయనా, సంతకం పెడతా" అనేది ఎక్కువగా వినబడే జవాబు. ఇందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. రోజుకు వంద మందిని చూసే డాక్టరుకు లేఖ రాసే తీరికేదీ? పైగా ఆయన చదువుకున్న కాలంలో లేఖ వల్ల ఎవరికీ సీటు రాలేదు, పోలేదు.

మన దగ్గర పీజీ సీటు పరీక్ష ర్యాంకుతోనే వస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి నీట్ పీజీ దాకా పరీక్షల పేర్లు మారాయి గానీ, ఈ విద్యార్థి రోగితో ఎలా మాట్లాడతాడని ప్రొఫెసరును అడిగి సీటిచ్చిన పద్ధతి రాలేదు. కాగితంగా మనకు తెలిసిందల్లా కండక్ట్ సర్టిఫికెట్. 'నాకు తెలిసినంతవరకు ఇతని నడవడిక సంతృప్తికరం' అనే వాక్యం అందరికీ ఒకటే. ఎల్ఓఆర్ అడిగితే అదే అచ్చు చేతికొస్తుంది. కష్టజీవి, వినయశీలి, సమయపాలన ఉన్నవాడు, ఉజ్వల భవిష్యత్తు కోరుకుంటున్నాను, సంతకం, స్టాంపు. ఇందులో సైకియాట్రీ అనే మాట తీసేసి ఆర్థోపెడిక్స్ అని పెట్టినా లేఖ చెక్కుచెదరదు.

అవతలి దేశంలో కథ వేరుగా నడిచింది. అభ్యర్థులూ ఆసుపత్రులూ ఇచ్చిన ఇష్టాల జాబితాలను కలిపి సీట్లు తేల్చే మ్యాచ్ పద్ధతి 1952లో వచ్చినప్పటి నుంచి సీటు ఇచ్చేది రెసిడెన్సీ నడిపే డాక్టర్లే కాబట్టి, తోటి డాక్టరు మాటకు విలువ ఉండేది. 1974లో విద్యార్థులకు తమ రికార్డులు చూసుకునే హక్కునిస్తూ చట్టం వచ్చింది. దాంతో లేఖ చూసే హక్కును వదులుకుంటున్నానని అభ్యర్థి ముందే ఒప్పుకునే ఆనవాయితీ పుట్టింది. అభ్యర్థి చూడని లేఖలో నిజం ఉంటుందని నమ్మకం. నిజం రాలేదు, పొగడ్తలే పెరిగాయి. అందరూ అద్భుతమే అయ్యేసరికి చదివేవాళ్లు రాయని మాటల కోసం వెతకడం మొదలుపెట్టారు. విసిగిపోయిన ఎమర్జెన్సీ మెడిసిన్ వాళ్లు 1990లలో ఒక ఫారం తయారు చేసుకున్నారు. మీరు చూసిన విద్యార్థుల్లో ఇతన్ని ఎక్కడ నిలబెడతారని అది సూటిగా అడుగుతుంది. వైద్య కళాశాల తన విద్యార్థి గురించి పంపే 'డీన్ లేఖ'కు కూడా 2002లో మూల్యాంకనం అనే అర్థం వచ్చేలా పేరు మార్చారు. మెచ్చుకోవడానికి కాదు, అంచనా వేయడానికి అని చెప్పడమే దాని ఉద్దేశం.

మన పిల్లలకు సెగ తగిలింది ఆ తర్వాత. అమెరికా లైసెన్సు పరీక్షల్లో, నటులను రోగులుగా కూర్చోబెట్టి మాటతీరును పరీక్షించే స్టెప్ 2 సీఎస్ 2021లో రద్దయింది. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. తిరుపతి నుంచి వచ్చిన అభ్యర్థి ఎలాంటివాడో అక్కడి రెసిడెన్సీ డైరెక్టరుకు చెప్పే రెండు ఆధారాలు అలా చేజారాయి. లేఖ మీద బరువు పెరిగింది. సైకియాట్రీకి ఇంకాస్త ఎక్కువ. అక్కడ స్కాన్ చూసి తేల్చేది తక్కువ, అడిగి తెలుసుకునేదే ఎక్కువ.

అయితే రాయడానికి కన్సల్టెంటు దగ్గర ఏముంది? ఇప్పటి నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీ రెండు వారాలే. ఆ రెండు వారాల్లో ఏం కనిపించగలదో ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. రాయలసీమ ఆసుపత్రుల్లో డ్యూటీ చేసినవాళ్లందరికీ తెలిసిన కేసు అది: తలకు వేసుకునే నల్ల రంగు తాగి వచ్చిన యువతి. కొన్ని గంటల్లోనే నాలుక, మెడ వాచి ఊపిరి ఆడదు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెడతారు. తర్వాత కండరాలు దెబ్బతిని మూత్రం నల్లబడుతుంది, కిడ్నీలు మొరాయిస్తాయి. ప్రాణం నిలబడ్డాక సైకియాట్రీకి కబురొస్తుంది. గొంతులో గొట్టంతో ఆమె మాట్లాడలేని స్థితిలో ఉంది, తల మాత్రం ఊపగలదు.

మొదటి రోజు హౌస్ సర్జన్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె అడ్డంగా తల ఊపింది. మంచం పక్కనే అత్తగారు నిలబడి ఉంది. చావాలనే ఆలోచన లేదని కేస్ షీట్‌లో రాసేసి వచ్చాడు. సాయంత్రం రౌండ్స్‌లో కన్సల్టెంటు రెండు విషయాలు అడిగారు. పక్కన ఎవరున్నారు? కిడ్నీలు పాడైన మనిషికి నీ ప్రశ్న అర్థమైందని ఎలా తెలుసు? రెండోదానికి అతని దగ్గర జవాబు లేదు. రక్తంలో యూరియా పెరిగి మతి స్థిమితం తప్పిన మనిషి కూడా తల ఊపుతుంది.

మర్నాడు అతను అత్తగారిని టీ తాగి రమ్మని పంపించాడు. వరసగా అక్షరాలు చదువుతూ, 'అ' అన్నప్పుడల్లా తన చెయ్యి నొక్కమన్నాడు. ధ్యాస కుదురుగా ఉందని తేలాకే, "చనిపోవాలనే తాగావామ్మా? ఇప్పటికీ అలా అనిపిస్తోందా?" అని అడిగాడు. ఈసారి రెండింటికీ అవుననే తల ఊపింది. ఇంట్లో ఇంకో ప్యాకెట్ ఉందని కూడా తెలిసింది. ఆమె ఒప్పుకున్నాక అన్నతో మాట్లాడి దాన్ని తీయించాడు. మంచం పక్కన ఎప్పుడూ ఒకరు ఉండేలా నర్సులకు చెప్పి, మొదటి రోజు రాసింది సరికాదని కేస్ షీట్‌లో తేదీ వేసి రాశాడు.

ఇంత చూసిన కన్సల్టెంటుకు ఆరు విశేషణాలు అక్కర్లేదు. పై రెండు రోజులూ జరిగింది జరిగినట్టు, రోగి ఊరూ వయసూ బయటపడకుండా రాస్తే లేఖలో సగం పూర్తయినట్టే. మొదటి రోజు పొరపాటు కూడా అందులో ఉండాలి. ఉంటే పిల్లాడి కెరీర్‌కు దెబ్బ అని మనవాళ్లకు టెన్షన్. కానీ లోపం ఏమిటి, చెప్పాక ఎలా సరిదిద్దుకున్నాడు, ఆ తర్వాతి కేసుల్లో చెప్పకుండానే చూశాడా అన్న మూడూ ఉంటే, చదివే డైరెక్టరుకు అది అక్కరకొచ్చే సమాచారం. నేర్పితే నేర్చుకుంటాడా అన్నదే కదా ఆయన తెలుసుకోవాలనుకునేది. సరిదిద్దుకోని లోపమైతే అదీ అలాగే రాయాలి.

మిగతా సగం హద్దులు చెప్పడం. ఎన్ని వారాలు, ఓపీలోనా వార్డులోనా, రోగిని తనే చూశాడా, పక్కన నిలబడి చూశాడా? తాగుడు మానేశాక వణుకుతూ వచ్చినవాళ్లను అతను చూడటం మీరు గమనించకపోతే, చూడలేదని రాయాలి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా నిర్ణయం తీసుకోలేదు అన్న వాక్యం హౌస్ సర్జన్ విషయంలో తప్పుపట్టడం కాదు. 'నా హౌస్ సర్జన్లలో మేటి' అంటే, ఎంతమందిలో అన్నది కూడా చెప్పాలి. నలుగురిలో మేటికీ నలభై మందిలో మేటికీ తేడా ఉంది.

అభ్యర్థి రాసుకొచ్చిన లేఖ దొరికిపోవడానికి పరిశోధన అక్కర్లేదు. ముగ్గురు కన్సల్టెంట్ల లేఖల్లో ఒకే వాక్యం, ఒకే కామా తప్పు కనిపిస్తే చాలు, మూడూ చెల్లనట్టే. అతని దగ్గర చూసిన కేసుల జాబితా, తేదీలు తీసుకోవచ్చు. వాక్యాలు మాత్రం సంతకం పెట్టేవారివే కావాలి. లేఖను దరఖాస్తుల పోర్టల్‌లో ఎక్కించేది కూడా వారే కావాలి.

గట్టిగా రాయలేమనిపిస్తే ఆ మాట జూలైలోనే చెప్పాలి. "నిన్ను రెండు వారాలే చూశాను నాయనా, రెండు పేరాలకు మించి రాయలేను, నిన్ను ఎక్కువ చూసినవాళ్లను అడుగు" అంటే అతనికి వేరొకరిని వెతుక్కునే వ్యవధి ఉంటుంది. ఒక్కో ప్రోగ్రాముకు నాలుగు లేఖల వరకే పంపగలడు. చూసే హక్కు వదులుకున్నాడు కాబట్టి మీరు రాసింది అతనికి కనబడదు. లోపం గురించి రాయబోతున్నట్టయితే, అదేమిటో ముందే పిలిచి కూర్చోబెట్టి చెప్పడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. ఇంటర్వ్యూలో దాని గురించి ప్రశ్న పడితే అతను తెల్లమొహం వేయకుండా ఉంటాడు.