41 దగ్గర ఆగిన షేడర్ కంపైలింగ్

మే నెలలో ఒక మధ్యాహ్నం అనంతపురం నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, కొత్త గేమ్ ఓపెన్ చేస్తే Compiling Shaders అని వచ్చి 41 శాతం దగ్గర నిలబడిపోయింది. ఇరవై నిమిషాలైంది, ఆపేయనా?"

"ఆపొద్దురా. Ctrl+Shift+Esc నొక్కు. టాస్క్ మేనేజర్‌లో ఆ గేమ్ వరుసలో సీపీయూ ఎంత చూపిస్తోంది?"

"తొంభై పైనే."

అయితే అది ఆగలేదు, పని చేస్తోంది. తెర మీద ప్రతి చుక్కకూ ఏ రంగు వేయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రామే షేడర్. ఒక్కో కార్డుది ఒక్కో యంత్రభాష కాబట్టి, గేమ్ చేసినవాళ్లు షేడర్లను సగం ఉడికించి పంపుతారు. మిగతా వంట, అంటే కంపైలింగ్, మన కంప్యూటర్లోని గ్రాఫిక్స్ డ్రైవర్ పూర్తి చేయాలి. ఆ పని చేసేది సీపీయూ. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఇక్కడ పెద్దగా కలిసిరాదు.

వీటి సంఖ్య ఎందుకంత పెరుగుతుంది? నీడ ఉందా లేదా, పొగమంచు ఉందా లేదా అని, గేములు తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లో ఒకే షేడర్‌కు పది ఎంపికలు పెడితే 1,024 రూపాలు పుట్టే వీలుంది. అన్‌రియల్ అనే మరో ఇంజిన్‌లో షేడర్లతో పాటు, వాటితో బొమ్మ గీసే సెట్టింగుల కలయికలనూ సిద్ధం చేయాలి. ముందే చేసుకోకపోతే ఆట మధ్యలో, కొత్త శత్రువు కనబడిన క్షణంలో, తెర బిగుసుకుపోతుంది. అందుకే ఈ నిరీక్షణ దండగ కాదంటాను. పైగా ఆ శాతం సాధారణంగా పూర్తయిన షేడర్ల లెక్కే కానీ సమయం లెక్క కాదు. బరువైనవి వచ్చినచోట అంకె కదలదు.

మావాడి దగ్గర ఇంకో సంగతి బయటపడింది. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, అదీ పరుపు మీద. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం 1.1 గిగాహెర్ట్జ్‌కు పడిపోయింది. కరెంటు రాగానే ఛార్జర్ పెట్టి, బల్ల మీద ఫ్యాను కింద ఉంచమన్నాను. వేగం మూడు దాటింది. పావుగంటలో పని ముగిసింది.

సీపీయూ 12 శాతమే చూపినా తొందరపడొద్దు. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్లో ఒక థ్రెడ్ పూర్తిగా పనిచేస్తే కనబడేది అంతే. సీపీయూ, డిస్కు రెండూ సున్నా దగ్గర పది నిమిషాలు కదలకుంటే మాత్రం నిజంగా ఇరుక్కుపోయినట్టే. అప్పుడు గేమ్ మూసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి చూడాలి. చాలా గేములు అప్పటిదాకా పూర్తయినవాటిని దాచుకుని అక్కడి నుంచి కొనసాగిస్తాయి. మళ్లీ అదే అంకె దగ్గర ఆగితే డ్రైవర్ అప్‌డేట్ చేసి, డిస్క్ క్లీనప్‌లో, కంపైల్ అయిన షేడర్లు దాచి ఉంచే DirectX Shader Cache తుడవాలి. ఇది మొదటే చేయొద్దు. మిగతా గేములు కూడా మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేసుకోవాల్సి వస్తుంది.

డ్రైవర్ మార్చాక ఒకసారి మళ్లీ కంపైల్ కావడం సహజం. తెరిచిన ప్రతిసారీ అవుతుంటే సీ డ్రైవ్ నిండిందేమో, ఏదైనా క్లీనర్ యాప్ ఆ క్యాష్‌ను చెరిపేస్తోందేమో చూడండి.