పెద్దమ్మకు వాతం, చీటీలో ఆర్థరైటిస్

మా పెద్దమ్మది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. ఆరేడేళ్లుగా ఆమె నోట ఒకటే మాట: "వాతం పట్టుకునింది నాయనా, కూర్చుంటే లేవలేను, లేస్తే వంగలేను." బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరుకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు వచ్చు, కాబట్టి మధ్యలో నేను. వాతం అని ఆమె అనగానే నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆర్థరైటిస్ అనేశా. చీటీలో అదే ఎక్కింది. మోకాళ్లకు ఎక్స్‌రే తీశారు, కొంచెం అరుగుదల కనపడింది, నొప్పి మాత్రలు రాసిచ్చారు. రెండేళ్లు మింగింది. నొప్పి పోలేదు సరికదా, కడుపులో మంట కొత్తగా మొదలైంది.

ఆ రోజు నేను చెప్పింది తప్పని తర్వాత తెలిసింది. కానీ తప్పు నా ఒక్కడిది కాదు, ఆ మాటకు ఆ అర్థం కట్టి చాలా కాలమే అయింది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు కట్టారో చూస్తే కథ మన కడప దాకా వస్తుంది.

ముందు వాతం అంటే ఏమిటో చూద్దాం. గాలి అని మనమందరం అనుకుంటాం, పదానికి అర్థం అదే కూడా. కానీ ఆయుర్వేదంలో దాని పని కదలిక. ఊపిరి ఆడేది, చెయ్యి లేచేది, మలమూత్రాలు బయటికి పోయేది, అన్నీ వాతం లెక్కలోకే వస్తాయి. చరక సంహిత వాతం వల్ల వచ్చే రోగాలు 80, పిత్తం వల్ల 40, కఫం వల్ల 20 అని లెక్కగట్టింది. ఆ 80లో పిక్కలు పట్టేయడం ఉంది, చెవిపోటు ఉంది, ఒక పక్క పడిపోవడమూ ఉంది. ఇప్పటి చదువుతో చూస్తే ఇదేం కలగాపులగం అనిపిస్తుంది. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతం, మోకాలి చిప్ప కింద అరిగి వచ్చే కీళ్లవాతం ఒకే గాటన ఎట్లా కడతారు? కట్టింది ఏ అవయవం చెడిందని చూసి కాదు. కదలిక ఎక్కడ ఆగింది, ఎక్కడ బిగుసుకుంది అని చూసి. ఆ కొలతతో చూస్తే రెండూ ఒకటే జాతి. కొలబద్దే వేరైనప్పుడు ఈ పక్క మాటకు ఆ పక్క సరిగ్గా సరిపోయే మాట దొరకదు.

అలాగని పాత వైద్యులు అన్నిటినీ ఒకే మూటలో కట్టి వదిలేశారని కాదు. చేతులు, పాదాల దగ్గర మొదలై ఎర్రగా వాచేదాన్ని వాతరక్తం అని చరకుడే విడిగా చెప్పాడు. జీర్ణం కాని ఆమం కీళ్లలో చేరి అన్ని కీళ్లూ వాచే ఆమవాతాన్ని మాధవ నిదానం అనే పాత వైద్యగ్రంథం విడిగా చెప్పింది. ఈ తేడాలన్నీ వైద్యుడి దగ్గర ఉండేవి. పల్లెలో జనం నోట మాత్రం మిగిలింది ఒక్క వాతమే.

ఇప్పుడు కడప సంగతి. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు, తెలుగు అక్కడే పట్టుబడింది, ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆ తరం తెల్లదొరలు మన రోగాల పేర్లకు ఇంగ్లీషు మాటలు వెతికినప్పుడు వాళ్ల చేతిలో ఏమున్నాయో గమనించాలి. రుమాటిజం అనే మాట పుట్టింది గ్రీకులో ప్రవాహం అనే అర్థమున్న పదం నుంచి. ఒంట్లో చెడునీరు ఏదో పారి కీళ్లలో చేరుతుందని వాళ్ల నమ్మకం. గౌట్ అంటే లాటిన్‌లో చుక్క అని అర్థం, ఆ చెడునీరు చుక్క చుక్కగా కీలులోకి కారుతుందని. కలరా పేరులో ఉన్నది పిత్తమే. అంటే ఇంగ్లీషు వైద్యం కూడా అప్పటికి తన సొంత వాత పిత్త కఫాల నుంచి పూర్తిగా బయటపడలేదు. వాతం పక్కన రుమాటిజం పెట్టడం ఆ రోజుల్లో తప్పేం కాదు. రెండూ ఒకే రకం ఊహలు, తూకం సరిపోయింది.

తర్వాత ఆ తూకం చెడింది. లండన్‌లో ఆల్ఫ్రెడ్ గారడ్ అనే డాక్టరు గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువ ఉందని 1848లో చూపించాడు. 1859లో, అంటే బ్రౌన్ నిఘంటువు వచ్చిన ఏడేళ్లకు, గౌట్ కాని ఇంకో కీళ్లజబ్బును విడదీసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. అక్కణ్ణుంచి ఇంగ్లీషు పక్క మాట ముక్కలు ముక్కలవుతూ పోయింది, ఒక్కో ముక్కకు ఒక్కో రక్తపరీక్ష, ఒక్కో ఎక్స్‌రే గుర్తు, ఒక్కో మందు వచ్చాయి. మన పక్క మాట ఎక్కడిదక్కడే ఉంది. ఒక పక్క కదిలిపోయినా మధ్యలో గీసిన సమానం గుర్తును ఎవరూ చెరపలేదు. నేను బెంగళూరులో వాడింది ఆ పాత గుర్తునే.

ఇంకో చిత్రం చెప్పాలి. వాతం అనే మాట ఇప్పుడు కుర్రోళ్ల నోట తగ్గింది, దాని బదులు గ్యాస్ వచ్చింది. "వీపులో గ్యాస్ పట్టేసింది", "గ్యాస్ భుజంలోకి ఎక్కింది" అంటాం కదా, ఇంగ్లీషోడి గ్యాస్ కడుపు దాటి అట్లా తిరగదు. అది ప్యాంటు షర్టు వేసుకున్న మన వాయువే. ఉర్లగడ్డ వాతం చేస్తుందనే వాళ్లు ఇప్పుడు గ్యాస్ చేస్తుందంటారు, అంతే తేడా. నవ్వుకోవచ్చు గానీ ఒక్కచోట కుదరదు. ఎదలో బరువు, చెమటలు, ఎడమ చేతిలోకి గుంజడం ఉన్న మనిషి గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ లక్షణాలుంటే ముందు ఈసీజీ తీయించాల్సిందే.

సరే, పెద్దమ్మ దగ్గరికొద్దాం. రెండేళ్ల తర్వాత అనంతపురంలోనే ఇంకో డాక్టరుకు చూపించాం. ఆయనకు తెలుగు వచ్చు. వాతం అనగానే తల ఊపి, "వాతం సరేనమ్మా, ఏం చేయలేకపోతున్నావో చెప్పు" అన్నాడు. అక్కడ తిరిగింది కథ. సలుపు లేదు, వాపు లేదు, పొద్దున ఒక గంట బిగుసుకుని తర్వాత వదిలే రకం కాదు. రోజంతా ఒకటే బిగుతు. మెడ తిప్పాలంటే మొత్తం మనిషి తిరగాలి. ఆయన మూడు పనులు చేయించాడు: గడ్డం ఎదకు ఆనించమన్నాడు, వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నాడు, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమన్నాడు. ఒక్కటీ రాలేదు. తర్వాత నోరు తెరిచి పళ్లు చూపించమన్నాడు. పళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆయన ఒక్క క్షణం ఆగి, పక్కన నిలబడ్డ మా అన్నను, అంటే ఆమె కొడుకును, నువ్వు చూపించబ్బీ అన్నాడు. వాడి ముందుపళ్ల మీద అడ్డంగా గోధుమరంగు గీతలు.

"నువ్వు ఆ ఊరికి కోడలిగా వచ్చినావా?" అని అడిగాడు. అవును, పుట్టినూరు కర్నూలు పక్క. ఆయన అనుమానం ఆ ఊరి నీళ్లలోని ఫ్లోరైడ్ మీద. అది పళ్లను మచ్చలు చేసేది చిన్నతనంలో, పళ్లు లోపల తయారయ్యేటప్పుడు మాత్రమే, సుమారు ఎనిమిదేళ్ల లోపు. పెళ్లై వచ్చినాక ఎన్నేళ్లు తాగినా పళ్లకు ఏమీ కాదు, ఎముకలకు మాత్రం పడుతుంది. అందుకే అమ్మ పళ్లు తెలుపు, కొడుకు పళ్లు గోధుమ. అప్పుడు మోకాలు కాదు, ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే తీయించాడు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర మామూలుగా ఎక్స్‌రేలో కనపడదు. పెద్దమ్మకు అది ముళ్లకంచె మాదిరి తెల్లగా కనపడింది. వెన్నెముక సుద్దముక్కలా ఉంది. ఊళ్లో బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. మన దేశంలో ఒప్పుకున్న లెక్క 1, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మన వైపు కొత్తదేం కాదు. నెల్లూరు జిల్లాలో ఇట్లా నడుములు బిగుసుకుపోయిన మనుషులను చూసి షార్ట్ అనే డాక్టరు, ఇంకో ఇద్దరు కలిసి 1937లోనే రాశారు, దానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని. అనంతపురంలో అడుగున అంతా గ్రానైటు రాయి, ఫ్లోరైడ్ వచ్చేది ఆ రాతిలోంచే. చేదబావులు ఎండి బోర్లు లోతుకు పోయే కొద్దీ రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లు తాగడం ఎక్కువైంది. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చినాక చాలా ఊళ్లకు మంచినీళ్లు అందాయి, మా పెద్దమ్మ ఊళ్లో మాత్రం చాలా కాలం బోరే గతి. అన్నేళ్లూ ఊళ్లో నడుం వంగిన ప్రతి ముసలామెకూ వాతమే అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, కదలిక ఆగిన మాట నిజమే కదా. కానీ కారణం నీళ్లలో ఉందన్న సంగతి ఆ మాటలోంచి బయటపడదు, దాని బదులు నేను వాడిన ఆర్థరైటిస్‌లోంచీ పడలేదు. ఇది ముదిరితే వెన్నుపాము నొక్కుకుని రెండు కాళ్లూ పడిపోతాయి, దాన్ని మళ్లీ పక్షవాతం అంటారు. మామూలు పక్షవాతం ఒక్కసారిగా వచ్చి ఒక పక్క చెయ్యీ కాలూ పడేస్తుంది. ఇది నెలల తరబడి మెల్లగా రెండు కాళ్లకూ వస్తుంది. ఈ తేడా చెప్పకుండా పక్షవాతం అని ఒక్క మాట అంటే డాక్టరు మెదడుకు స్కాన్ రాస్తాడు, చెడింది వెన్ను దగ్గర.

ప్రభుత్వం పక్క ఈ సమానం గుర్తు గొడవ ఇప్పుడిప్పుడే తేలుతోంది. ఆయుష్ శాఖ 2017లో నమస్తే అనే పోర్టల్ తెచ్చి ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగాల పేర్లకు కోడ్‌లు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల జాబితా 11వ కూర్పులో వీటికి వేరే భాగం కేటాయించి 2024 జనవరిలో ఢిల్లీలో విడుదల చేసింది. అందులో నాకు నచ్చింది ఒకటే, ఆమవాతం అంటే రుమటాయిడ్ అని ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేయలేదు. ఒకే మనిషికి రెండు కోడ్‌లు పక్కపక్కన రాసుకోవచ్చు, వైద్యుడు చూసింది ఒకటి, డాక్టరు చూసింది ఒకటి.

నేను మాత్రం ఇప్పుడు ఎవరితో ఆసుపత్రికి పోయినా రోగం పేరును తర్జుమా చేయను. సలుపా, పోటా, పీకుడా, తిమ్మిరా, మంటా, బిగుతా అని అడుగుతా. ఈ మాటలకు ఇంగ్లీషులో సరైన జోడీలు ఉన్నాయి, వాటిని పట్టుకుని డాక్టరు దారి వెతుక్కుంటాడు. వాతం అన్న మాటను వాతమనే చెప్పి, పక్కన ఆ మనిషి ఏ పని చేయలేకపోతుందో చెబుతా.

పెద్దమ్మకు ఇప్పుడు ఫిల్టరు నీళ్ల క్యాన్ తెప్పిస్తున్నాం. వంటకూ అవే, ఎందుకంటే కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకే కొద్దీ చిక్కబడుతుంది. ఎముకల్లో చేరింది వెనక్కి రాదని డాక్టరు ముందే చెప్పాడు. నొప్పి మాత్రలు మాన్పించాం, కడుపుమంట తగ్గింది. మొన్న పోతే అరుగు మీద కూర్చుని పక్కింటామెకు చెప్తోంది, "నాది నీళ్ల వాతం అంట మ్మే."