ఆల్‌జీబ్రా ఆస్తి పంపకాల్లోనే పుట్టిందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని, గణితం పాత పుస్తకాలు తిరగేయడం నా పిచ్చి. బాగ్దాద్‌లో 9వ శతాబ్దం మొదట్లో, ఖలీఫా అల్ మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ అనే గణితవేత్త రాసిన అల్‌జబ్ర్ పుస్తకం గురించి వాట్సాప్‌లో తిరిగే మాటలు చూస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. అందులో సగం నిజం, సగం అతి. ఆ రెంటినీ విడదీద్దామనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఖురాన్‌లో చెప్పిన వాటాలు లెక్కకట్టడం కష్టమై, అందుకోసమే ఆల్‌జీబ్రా కనిపెట్టారు.

వాటాల వరకే అయితే ఆల్‌జీబ్రా అక్కర్లేదు, భిన్నాలు వస్తే చాలు. ఆయన పుస్తకంలోని లెక్కే చూడండి. ఒకావిడ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదో వంతూ ఏడో వంతూ కలిపి ఒక బయటి మనిషికి రాసింది. వారసుల ఒప్పుకోలు లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయకూడదన్నది నియమం. ఈ రెండు వంతులూ కలిపితే 15/56, మూడో వంతుకు లోపే ఉంది కాబట్టి చెల్లుతుంది.

మిగిలిన 41/56 వారసులది. పిల్లలున్నారు కాబట్టి భర్తకు నాలుగో వంతు, తక్కినదాంట్లో కొడుక్కి కూతురికి వచ్చేదానికి రెట్టింపు. వారసుల సొమ్మును 20 భాగాలు చేస్తే భర్తకు 5, కొడుక్కి 6, ఒక్కో కూతురికి 3. ఇప్పుడు 20ని 56తో గుణించి మొత్తం ఆస్తిని 1120 భాగాలనుకుంటే బయటి మనిషికి 300, భర్తకు 205, కొడుక్కి 246, ఒక్కో కూతురికి 123 వస్తాయి. కూడి చూసుకోండి, సరిపోతుంది. ఇందులో తెలియని రాశి ఎక్కడుంది? కసాగు వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లాడు కాస్త ఓపిక పడితే చేసేస్తాడు.

మరి ఆల్‌జీబ్రా ఎక్కడ కావాల్సి వస్తుంది? లెక్క తన తోకను తానే పట్టుకుని గిరగిరా తిరిగేచోట. ఆ పుస్తకంలో చేతిలో ఉన్న సొమ్ము, రావలసిన అప్పు అని ఒక భాగం ఉంది. ఒకాయన ఇద్దరు కొడుకులను వదిలి పోయాడు. ఆస్తిలో మూడో వంతు బయటి మనిషికి రాశాడు. ఇంట్లో నగదు 10 దిర్హంలు, ఒక కొడుకు తండ్రికి బాకీ ఉన్నది ఇంకో 10 దిర్హంలు. ఎవరికెంత?

చూడగానే అందరం చెప్పే జవాబు: మొత్తం 20, మూడో వంతు 6⅔, తలా 6⅔. మా క్లాసులో ఎప్పుడు అడిగినా ఇదే చెప్తారు. కానీ బాకీ ఉన్న కొడుకు ఇవాళ డబ్బు తెచ్చి పెట్టడం లేదు. ఇంట్లో ఉన్నది 10 దిర్హంలే, అందులోంచి ఇద్దరికి 6⅔ చొప్పున ఎలా ఇస్తారు? అందుకని అప్పులో ఆ కొడుకు వాటాకు సరిపోయేంత మాత్రమే వసూలైనట్టు లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడే ముడి పడుతుంది. అతని వాటా ఎంతో తెలిస్తే గానీ ఆస్తి ఎంతో తెలియదు, ఆస్తి ఎంతో తెలిస్తే గానీ వాటా తెలియదు.

అల్ ఖ్వారిజ్మీ ఏం చేశాడంటే, అప్పులోంచి లెక్కకు వచ్చేదాన్ని ‘షయ్’ అన్నాడు, అంటే ‘ఒక వస్తువు’. అప్పుడు ఆస్తి 10 దిర్హంలూ ఒక వస్తువూ. అందులో మూడో వంతు బయటి మనిషికి పోతే మిగిలేది 6⅔ దిర్హంలూ వస్తువులో మూడింట రెండు వంతులూ. ఇద్దరు కొడుకులకు పంచితే ఒక్కొక్కరికి 3⅓ దిర్హంలూ వస్తువులో మూడో వంతూ. బాకీ కొడుకు వాటా ఆ వస్తువే కదా, కాబట్టి రెండూ సమానం. రెండు వైపులా వస్తువులో మూడో వంతు తీసేస్తే, వస్తువులో మూడింట రెండు వంతులు 3⅓ దిర్హంలు, వస్తువు 5 దిర్హంలు. బయటి మనిషికి 5, రెండో కొడుక్కి 5 నగదు, బాకీ కొడుక్కి 5 అప్పులోంచి చెల్లు.

సరిచూసుకోవాలంటే ఇంకో దారి ఉంది. మిగిలిన 5 దిర్హంల బాకీ తర్వాతెప్పుడో వసూలైందనుకుని దాన్నీ ముగ్గురికి సమంగా పంచండి. తలా 1⅔ చేరి అందరికీ 6⅔ అవుతుంది. అంటే మొదట మనం చెప్పిన జవాబు అప్పు పూర్తిగా చేతికొచ్చిన రోజుకి సరైనదే. వసూలు కాని సొమ్మును వసూలైనట్టు రాయడమే తప్పు (చిట్టీలు నడిపినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు).

అపోహ: అయితే ఆల్‌జీబ్రా మొత్తం ఈ వారసత్వ లెక్కల్లోంచే వచ్చింది.

కాదు. వీలునామాల భాగం పుస్తకంలో దాదాపు సగం ఉంటుంది, నిజమే. కానీ దాంట్లో వచ్చేవన్నీ రేఖీయ సమీకరణాలే, వర్గం కనపడదు. వర్గ సమీకరణాలు పుస్తకం మొదటి భాగంలో ఉంటాయి. మనం ఇప్పుడు x² + 10x = 39 అని రాసేది అక్కడిదే, దానికి చతురస్రం గీసి, మూలల్లో లోటు పూరించి 3 అని తేలుస్తాడు. ఆ రకం లెక్కలు బాబిలోన్ మట్టి పలకల మీద అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఉన్నాయి. మన బ్రహ్మగుప్తుడు 628లోనే వర్గ సమీకరణానికి సూత్రం చెప్పాడు. కాబట్టి పంపకాలు ఆల్‌జీబ్రాకు పుట్టిల్లు అనడం కంటే, దాన్ని దింపి బాగా పని చేయించుకున్న పొలం అంటే సరిగ్గా ఉంటుంది. ముందుమాటలో ఆయనే అంటాడు, వారసత్వం, వీలునామాలు, పంపకాలు, దావాలు, వ్యాపారం, భూమి కొలతలు, కాలువల తవ్వకం, వీటిలో జనానికి అక్కరకొచ్చేది రాస్తున్నానని.

అపోహ: x అనే అక్షరం అరబ్బులదే, ‘షయ్’ అరిగి అరిగి x అయింది.

వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు. తెలియని రాశులకు x, y, z వాడుక 1637లో డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలో గుర్తులే లేవు, అంతా మాటలే. వర్గాన్ని ‘మాల్’ అంటాడు, ఆ మాటకు మామూలు అర్థం సొమ్ము. వీలునామాల దగ్గరికొచ్చేసరికి అదే మాల్ మళ్లీ అచ్చంగా సొమ్మే. ఎక్కడ వర్గమో, ఎక్కడ ఆస్తో చూసుకోకుండా చదివితే బోల్తా పడతాం, నేను పడ్డాను.

ఇక ‘జబ్ర్’ మాట. విరిగిన ఎముకను కట్టి సరిచేయడాన్ని కూడా అరబ్బీలో జబ్ర్ అంటారు. 10ని రెండు ముక్కలు చెయ్యి, ఒక ముక్క వర్గం రెండు ముక్కల లబ్ధానికి నాలుగు రెట్లుండాలి అని ఒక లెక్క ఉంది. దాన్ని మన రాతలో పెడితే:

x² = 40x − 4x²

కుడివైపు 40x విరిగి ఉంది, 4x² తక్కువైంది. ఆ లోటు పూడ్చడమే జబ్ర్. ఎడమవైపూ అంతే కలిపితే 5x² = 40x, ముక్కలు 8, 2. రెండు వైపులా ఉన్న ఒకే రకం పదాల్లోంచి సమానంగా తీసేస్తే అది ముఖాబలా, పైన అప్పు లెక్కలో మనం చేసింది అదే. మన బడుల్లో ‘అటు నుంచి ఇటు తెస్తే గుర్తు మారుతుంది’ అని బట్టీ పట్టించేదంతా ఈ రెండు పనులే.

అపోహ: ఈ వారసత్వ లెక్కలను ఈ మధ్యనే ఎవరో తవ్వి తీశారు.

అరబ్బీలో అవి ఎప్పుడూ ఉన్నాయి. యూరప్‌కు చేరలేదు, అంతే. 12వ శతాబ్దంలో చెస్టర్ రాబర్ట్ (1145లో), క్రెమోనా జెరార్డ్ చేసిన లాటిన్ అనువాదాల్లో వీలునామాల భాగం లేదు. ఇస్లామిక్ వారసత్వ చట్టంతో అక్కడి చదువరులకు పనేముంది? 1831లో లండన్‌లో ఫ్రెడరిక్ రోజెన్ అరబ్బీ మూలంతో పాటు ఇంగ్లిష్ అనువాదం అచ్చువేశాక, ఆ దిర్హంలూ, కొడుకుల బాకీలూ ఇంగ్లిష్ చదివేవాళ్ల చేతికి వచ్చాయి.