చిమ్నీ జిడ్డు సబ్బుకు ఎందుకు లొంగదు?

కడపలో ఉండే మా చిన్నమ్మ మొన్న ఫోన్ చేసింది. "గంటసేపు తోమినా చిమ్నీ ఫిల్టర్ జిడ్డు వదలడం ల్యా నాయనా. బాండలికి అంటిన నూనె మాత్రం నిమిషంలో పోతాది. రెండూ ఒకే నూనె కదా?" అని అడిగింది.

మొదట్లో ఒకటే. నూనె అణువుకు మూడు పొడవాటి తోకలుంటాయి. తోకల్లో జంట బంధాలున్న చోట గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకుంటుంది. అక్కడ పక్క అణువు తోకతో ముడి పడుతుంది, దానికి ఇంకొకటి. కొన్ని వారాలకు విడివిడిగా జారే అణువులన్నీ వలలా అల్లుకుపోతాయి. వడ్రంగి తలుపుకు పూసిన అవిసె నూనె కొన్నాళ్లకు గట్టి పొర కట్టేది ఇలాగే. అవిసె నూనెలో జంట బంధాలు చాలా ఎక్కువ. పొద్దుతిరుగుడు నూనెలో అంతకన్నా తక్కువ, మన శనక్కాయ నూనెలో ఇంకా తక్కువ. కొబ్బరి నూనెలో నామమాత్రం, అందుకే అది ఆరదు. పొయ్యి వేడి తగిలితే ఈ అల్లిక వేగం అందుకుంటుంది. వేలికి బంకగా తగిలేది సగం అల్లిన వల.

సబ్బు నూనెను చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలిపేస్తుంది. వలను బొట్లు చేయడం దాని వల్ల కాదు. చాకలి సోడా లాంటి క్షారం అయితే తోకలు మొదట్లో అతుక్కున్న చోటే తెంపుతుంది. తెగిన ముక్కలు సబ్బుగా మారి నీళ్లలోకి వస్తాయి. బడిలో సమీకరణం బట్టీ పట్టించే సబ్బు తయారీ ఇదే. సోడా నీళ్లలో ఫిల్టర్ నానే బకెట్ చూపిస్తే పిల్లలు జన్మలో మరచిపోరు. చాకలివాళ్లు చవుడు మట్టితో బట్టల మురికి వదలగొట్టింది కూడా అందులోని క్షారంతోనే.

ఫిల్టర్ స్టీలుదైతే పది లీటర్ల బాగా వేడి నీళ్లలో సుమారు 150 గ్రాముల చాకలి సోడా, కొంచెం గిన్నెల సబ్బు కలిపి గంట నానబెట్టాలి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. నీళ్లు టీ రంగుకు తిరిగితే పని జరుగుతున్నట్టే. వంట సోడా ఇంత గట్టిగా పనిచేయదు. అందులో వెనిగరో నిమ్మరసమో పోస్తే బుసబుస పొంగుతుంది. జనం దాన్ని బలమనుకుంటారు గానీ, ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటున్న చప్పుడది. కడిగాక ఫిల్టర్ మీద నీళ్లు పోసి చూడండి. పలుచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, ముత్యాల్లా విడిపోతే ఇంకా ఉన్నట్టు.

తేలికగా, జాలీలా ఉండే అల్యూమినియం ఫిల్టర్‌ను మాత్రం సోడాలో వేయకూడదు. క్షారం ఆ లోహాన్నే తింటుంది, బుడగలొచ్చి నల్లబడుతుంది. మా పక్కింట్లో ఒకటి అలాగే పాడైంది. దానికి వేడి నీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్షే గతి. రెండు మూడు సార్లు నానబెట్టాలి, అదీ వల గట్టిపడకముందే, మూడు వారాలకోసారైనా.

గోడకు వేసిన ఆయిల్ పెయింట్ కూడా ఇలా అల్లుకున్న నూనె వలే. ఘాటు సోడా నీళ్లు జిడ్డుతో పాటు రంగునూ ఊడదీస్తాయి. అందుకే అక్కడ, టైల్స్ మీద కూడా, గుడ్డకు రెండు చుక్కల కొత్త నూనె అద్ది బంక మీద రుద్దండి. సగం అల్లిన వలలోకి కొత్త నూనె ఇంకి దాన్ని వదులు చేస్తుంది. పది నిమిషాలాగి సబ్బు నీళ్లతో తుడిస్తే రెండూ కలిసి వచ్చేస్తాయి. సున్నం, డిస్టెంపర్ గోడల మీద ఇది చేయకండి. నూనె లోపలికి పీల్చుకుని మరక నిలిచిపోతుంది.