పేజీలో పట్టిక లేదు, అక్షరాలే ఉన్నాయి

ఒడిశాలోని పర్లాకిమిడిలో వానాకాలం వస్తే పేపర్లో జనం ముందు చూసేది వర్షపాతం పట్టికే. గజపతి జిల్లాలోని ఏడు బ్లాకుల్లో నిన్న ఎంత పడింది, మొన్న ఎంత పడింది అని. పైన కురిసిన వాన వంశధారలో దిగి కాశీనగర్ వైపు వస్తుంది కాబట్టి ఆ అంకెల మీద ఇక్కడి తెలుగు రైతులకు ఓ కన్ను ఉంటుంది. ఆ పట్టికల్ని రోజూ పేపర్ పీడీఎఫ్ నుంచి తీసి ఒక స్ప్రెడ్‌షీట్‌లో పేర్చుకోవాలనుకున్నారనుకోండి. కాపీ కొట్టి పేస్ట్ చేస్తే అయిపోతుందనిపిస్తుంది. కాదు.

కంటికి కనిపించే పట్టిక పీడీఎఫ్ లోపల సాధారణంగా ఉండదు. అక్కడ ఉండేవి అక్షరాలు, ఒక్కో అక్షరం పేజీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే కొలతలు. కొలతకు వాడే పాయింటు అంగుళంలో 72వ వంతు. ‘ఇది పట్టిక, ఇది వార్త’ అని చెప్పే గుర్తేదీ పేపర్ పేజీల్లో దాదాపు ఉండదు. చదివే క్రమం కూడా అంతే, ప్రోగ్రామే ఊహించుకోవాలి.

చిక్కు ఎక్కడొస్తుందో చూడటానికి ఒక పేజీ ఊహిద్దాం. దీనిలోని కొలతలు, అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవే. ఎనిమిది కాలమ్‌ల పెద్ద పేజీ, ఒక్కో కాలమ్ 108 పాయింట్లు, మధ్య సందు 9. పట్టిక మూడో కాలమ్‌లో మొదలై నాలుగో కాలమ్‌లోకి కొంత చొచ్చుకుపోయింది. అంటే ఎడమ నుంచి 234 దగ్గర మొదలై 390 దగ్గర ఆగింది. నాలుగో కాలమ్‌లో మిగిలిన సన్నని జాగాలో, 398 నుంచి 459 వరకు, వరి నాట్ల వార్త పట్టిక పక్కగా ఒదిగి కిందికి సాగింది. పీడీఎఫ్‌లోంచి పాఠం తీసే pdftotext అనే ప్రోగ్రామును పేజీ మొత్తం ఇమ్మని ఇలా అడిగితే,

```
pdftotext -layout page.pdf -
```

ఆ చోట వచ్చేది ఇలా ఉంటుంది (మిగతా కాలమ్‌లు వదిలేశాను):

```
గోసాని     42   18   60   రైతులు వరి
కాశీనగర్    55   20   75   నారు 15 వేల
గుమ్మ      31    9   40   ఎకరాల్లో
```

పేజీ తయారుచేసేవాళ్ళు చాలాసార్లు అన్ని కాలమ్‌ల పంక్తుల్నీ ఒకే మట్టానికి తెస్తారు. పేజీ చూడ్డానికి తీరుగా ఉంటుంది, కానీ వార్తలోని ఒక్కో పంక్తి పట్టికలోని ఒక్కో వరుసకు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ‘రైతులు వరి’ అన్న మాటల్ని తర్వాత ఏరేయొచ్చు. అసలు ప్రమాదం ఆ 15. అది అంకె కాబట్టి నాలుగో గడిలా దూరిపోతుంది.

పేజీని ముక్కలు చేయడానికి ఒక పాత పద్ధతి ఉంది. జార్జ్ నాగీ, శరద్ సేఠ్ 1984లో చెప్పారు. ఖాళీ తెలుపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా దొరికిన చోట కత్తిరించడం, వచ్చిన ప్రతి ముక్కలోనూ నిలువుగానో అడ్డంగానో మళ్ళీ అదే పని చేయడం. తీరైన కాలమ్‌లకు ఇది చక్కగా పనిచేస్తుంది. మన పేజీలో మాత్రం మూడు, నాలుగు కాలమ్‌ల మధ్య సందును పట్టిక అడ్డుకుంది, నిలువు కోత సాగదు. అడ్డంగా కోద్దామంటే పట్టిక పక్కన వార్త ఆగకుండా నడుస్తోంది. రెండు పంక్తుల మధ్య సన్నని సందే తప్ప వేరే దారి లేదు. దాన్ని కూడా ఖాళీగా లెక్కిస్తే పేజీ అంతా చీలికలు పీలికలైపోతుంది.

కాబట్టి వరుస తిరగేయాలి. వార్త ముందు, పట్టిక తర్వాత అనుకోకుండా పట్టికను ముందు తీసేయాలి. చుట్టూ ఒదిగిన వార్త ఆకారం వంకరగా ఉండొచ్చు, పట్టిక మాత్రం నాలుగు మూలల పెట్టె. ఆ పెట్టెకు కొలతలు ఇస్తే చాలు:

```
pdftotext -x 230 -y 600 -W 164 -H 120 -layout page.pdf -
```

ఇక్కడ x, y పెట్టె పై ఎడమ మూల, W వెడల్పు, H ఎత్తు. 230కి 164 కలిపితే 394. పట్టిక 390 దగ్గర అయిపోయింది, వార్త 398 దగ్గర మొదలవుతుంది, కోత రెంటికీ నడుమ పడింది. పట్టిక వెనక లేతరంగు పూత ఉంటే పని ఇంకా తేలిక. ఆ పూత తరచుగా పీడీఎఫ్‌లో ఒక దీర్ఘచతురస్రంగా నమోదై ఉంటుంది, pdfplumber లాంటి పనిముట్టు దాని అంచుల్ని కచ్చితంగా చెప్పేస్తుంది. ఒక్క జాగ్రత్త: pdftotext ఎత్తును పేజీ పైనుంచి కొలుస్తుంది, పట్టికలు తీసే మరో పనిముట్టు Camelot కిందినుంచి. ఒకదాని కొలతలు రెండోదానికి ఇస్తే పట్టిక బదులు ఏ సంతాప ప్రకటనో చేతికొస్తుంది.

పెట్టె లోపల గడుల్ని విడదీయడానికి గీతలు అక్కర్లేదు. ప్రతి మాటా ఎడమ నుంచి ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా ఉందో రాసుకుంటే, ఏ వరుసలోనూ ఏ మాటా పడని నిలువు ఖాళీలు బయటపడతాయి. అవే గడుల హద్దులు. ఈ లెక్కలో శీర్షిక వరుసను చేర్చకూడదు, ‘వర్షం మి.మీ.లో’ అని రెండు గడుల మీదుగా పరిచిన ఒక్క మాట ఆ ఖాళీని మూసేస్తుంది.

తెలుగు పేపర్లకు మరో తలనొప్పి ఉంది. యూనికోడ్ రాకముందు పద్ధతిలో తయారైన ఫాంట్లతో పేజీ కట్టి ఉంటే, తెరమీద చక్కని తెలుగు కనిపించినా తీసిన పాఠంలో పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. అప్పుడు పేజీని బొమ్మగా మార్చి అక్షరాలు గుర్తించే టెసరాక్ట్‌కు ఇవ్వాలి:

```
pdftoppm -r 300 -x 958 -y 2500 -W 683 -H 500 -png page.pdf box
tesseract box-1.png out -l tel --psm 6
```

అంగుళానికి 72 ఉన్నది 300 అయింది కాబట్టి కొలతలన్నీ దాదాపు 4.17 రెట్లు పెరిగాయి. చివరనున్న 6, ‘ఇదంతా ఒకే దిమ్మె, నువ్వు కాలమ్‌లు వెతక్కు’ అని చెబుతుంది. ఇంత చేసినా ‘గుమ్మ’లో కింద వేలాడే మ వత్తు కింది వరుసకు తగిలేంత దగ్గరగా వస్తే వరుసలు కలిసిపోవచ్చు. బ్లాకుల పేర్లు ఏడే, రోజూ అవే. చదివినదాన్ని ఆ ఏడింటిలో దగ్గరి పేరుకు సరిపెట్టుకుంటే అక్షరదోషాలు పోతాయి.

అంకెలకు ఆ వెసులుబాటు లేదు. 3ని 8గా, 8ని 3గా చదివినా చూడ్డానికి తప్పులా ఉండదు. నాతో ఈ పని చేసే కాశీనగర్ కుర్రాడు, “మాస్టారూ, ఒక్కో అంకె కళ్ళతో సరిచూసుకుంటే పోదా?” అన్నాడు. ఒకరోజు పేపరైతే పోతుంది. ఏడాది పేపర్లైతే కూడికతో చూడటమే నయం. మన పట్టిక మొత్తం ఇది, ముందు రెండు రోజుల వాన, చివర ఆ రెంటి కూడిక:

```
గోసాని         42   18   60
కాశీనగర్        55   20   75
గుమ్మ          31    9   40
మోహన          27   16   43
నువాగడ         36   12   48
ఆర్.ఉదయగిరి    22    8   30
రాయగడ         38   17   55
మొత్తం         251  100  351
```

రాయగడ 38ని యంత్రం 33గా చదివిందనుకోండి. (ఇది గజపతిలోని రాయగడ బ్లాకు, పక్క జిల్లా రాయగడ కాదు.) అడ్డంగా 33, 17 కలిపితే 50, పేపర్లో 55. నిలువుగా మొదటి అంకెల వరుస మొత్తం 246, పేపర్లో 251. రెండుచోట్లా తేడా 5. ఆ అడ్డ వరుస, ఆ నిలువు వరుస కలిసే గడిలోనే తప్పుంది, అక్కడ 5 కలపాలి. పక్క వార్తలోని 15 దూరితే ఆ వరుసలో నాలుగు అంకెలు వస్తాయి, కూడకముందే పట్టుబడుతుంది.

కూడికకు దొరకనిదీ ఉంది. పేపర్‌వాళ్ళే మొత్తం తప్పుగా వేస్తే, యంత్రం సరిగ్గా చదివినా లెక్క కుదరదు. అప్పుడు బొమ్మను పెద్దది చేసి ఆ ఒక్క గడి చూడాలి. అచ్చులో ఉన్నదీ చదివినదీ ఒకటే అయితే అచ్చయిన అంకెనే ఉంచి, సరైన మొత్తాన్ని పక్కన ఇంకో గడిలో రాసుకుంటాం.